మన వీధి అంగడితో సెగ్మెంటేషన్, పొజిషనింగ్ నేర్చుకుందాం

ప్లస్ టూ కామర్స్ చదివే పిల్లలకు మార్కెటింగ్ పాఠం స్లైడ్లలో మూడు మాటలు వరుసగా వస్తాయి: సెగ్మెంటేషన్, టార్గెటింగ్, పొజిషనింగ్. తెలుగులో చెప్పాలంటే కొనేవాళ్ళను గుంపులుగా విడదీయడం, వాళ్ళలో మనకు సరిపోయే గుంపును ఎంచుకోవడం, ఆ గుంపు మనసులో మనకంటూ ఒక చోటు సంపాదించుకోవడం. స్లైడ్లో బాణం గుర్తులతో బొమ్మ బాగానే ఉంటుంది. కానీ అందులో ఉదాహరణలన్నీ కార్లు, సబ్బులు, సెల్‌ఫోన్లు. కోవిల్‌పట్టిలో, విరుదునగర్‌లో మన ఇళ్ళల్లో చాలామందికి తెలిసిన వ్యాపారం వేరే. అది వీధి మలుపులో ఉండే చిన్న అంగడి. తమిళంలో మళిగై కడై అంటారు, మనం ఇంట్లో అంగడి అంటాం. ఆ అంగడినే ఉదాహరణగా పెట్టుకుని ఈ మూడు మాటలూ చూద్దాం. అంగడి నడిపే తల్లిదండ్రులు కూడా పిల్లలతో కూర్చుని చదవండి, ఇందులో మీ లెక్క కూడా ఉంది.

సమస్య ఏమిటి?

కోవిల్‌పట్టిలో ఒక వీధి అనుకోండి. ఆ వీధిలో అగ్గిపెట్టెల పనికి పోయేవాళ్ళు, మిల్లు పనివాళ్ళు, ఒకరిద్దరు టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు ఉంటారు. మలుపులో ఒక అక్క అంగడి పెట్టుకుని ఉంది. పెద్ద రోడ్డు మీద కొత్తగా సూపర్‌మార్కెట్ తెరిచారు. అక్కడ పప్పు కిలోకు నాలుగైదు రూపాయలు తక్కువ. ఇంట్లో కొడుకు అంటాడు: "అమ్మా, మనం కూడా అన్నిటి మీదా ఐదు శాతం తగ్గిద్దాం. లేకపోతే ఒక్కరూ రారు." అమ్మ అంటుంది: "తగ్గిస్తే మనకేం మిగులుతుందిరా?"

ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. ఎవరిది సరో లెక్క వేయకుండా తెలియదు. లెక్క వేయాలంటే అంగడికి ఎవరు వస్తున్నారో ముందు తెలియాలి. సెగ్మెంటేషన్ మొదలయ్యేది ఇక్కడే.

ఆదాయంతో విడదీస్తే ఎందుకు తప్పుతుంది?

స్లైడ్లో విడదీసే పద్ధతులు నాలుగు చూపిస్తారు. ఉండే చోటును బట్టి, వయసు, ఆదాయం వంటివాటిని బట్టి, అభిరుచిని బట్టి, కొనే తీరును బట్టి. పరీక్షలో నాలుగూ రాయాలి. అంగడిలో మాత్రం నాలుగూ సమానంగా పనికిరావు.

ఒక ఉదాహరణ చూడండి. ఒకే వీధిలో రెండు ఇళ్ళు, రెండింటికీ నెలకు 18,000 రూపాయల ఆదాయం. మొదటి ఇంట్లో డబ్బు నెలకు ఒకసారి బ్యాంకులో పడుతుంది. రెండో ఇంట్లో వారానికి 4,500 చొప్పున కూలిగా వస్తుంది. ఆదాయం పట్టీలో ఇద్దరూ ఒకే గడిలో పడతారు. కానీ మొదటి ఇల్లు ఒకటో తేదీ దాటగానే ఐదు కిలోల సంచులు కొంటుంది. రెండో ఇల్లు పొద్దున పావు కిలో పప్పు, నూరు మిల్లీ నూనె ప్యాకెట్, ఒక చిన్న కాఫీ పొడి పొట్లం కొంటుంది. ఆ ఇంటికి పెద్ద సంచి అక్కరలేదని కాదు. ఆ సంచి కొనేంత డబ్బు ఒకేసారి చేతిలో ఉండదు, అంతే.

కాబట్టి ఎంత సంపాదిస్తారు అనేదానికన్నా, డబ్బు చేతికి ఎప్పుడు వస్తుంది, ఏ వేళకు వస్తారు, ఎంత కొలతలో కొంటారు అనే ప్రశ్నలే అంగడికి పనికొస్తాయి. స్లైడ్లో కొనే తీరును బట్టి విడదీయడం అన్నది ఇదే.

ఈ సంగతిని పెద్ద వ్యాపారం చేసి చూపించింది కూడా మన తమిళనాడే. కడలూరులో 1983లో సి.కె. రంగనాథన్ మొదలుపెట్టిన సంస్థ చిక్ షాంపూను చిన్న సాషేలలో అమ్మింది. అదే ఇప్పటి కెవిన్‌కేర్. సీసా కొనలేని ఇళ్ళు షాంపూయే వాడవని అందరూ అనుకునే రోజుల్లో, ఒక్క తలస్నానానికి సరిపడే కొలత ఇస్తే వాళ్ళూ కొంటారని ఆ సాషే తేల్చింది. వస్తువు మారలేదు, కొలత మారింది. దానితో కొత్త గుంపు ఒకటి కళ్ళకు కనిపించింది.

వారం రోజులు నోటులో రాయండి

గుంపులను ఊహించి పేర్లు పెట్టకండి, రాసి చూడండి. ఒక నోటులో నాలుగు గడులు గీయాలి: వేళ, ఏం కొన్నారు, ఎంత రూపాయలకు, రొక్కమా అప్పా. పేరు అవసరం లేదు. శనివారం కూలి వచ్చే రోజూ, ఆదివారమూ కలిసేటట్టు ఏడు రోజులు రాయాలి. ఒక్కరోజు రాసి వదిలేస్తే మోసపోతాం, ఎందుకంటే సోమవారం అమ్మకం వేరు, శనివారం సాయంత్రం అమ్మకం వేరు.

మన అక్క అంగడిలో అట్లా రాస్తే ఇట్లా తేలిందనుకుందాం. ఇవి లెక్క చూపించడానికి వేసుకున్న అంకెలు, మీ అంగడిలో వేరేగా ఉంటాయి.

1. రోజువారీ ఇళ్ళు. సుమారు 40 ఇళ్ళు, ఒక్కో ఇల్లు రోజుకు 90 రూపాయలకు కొంటుంది. అమ్మకం 3,600. పాల మీద మిగులు తక్కువ, పప్పు మీద ఎక్కువ, సగటున నూటికి 10 అనుకుంటే మిగులు 360. ఇందులో సగం అప్పు.

2. బడి పిల్లలు. పొద్దున బడికి ముందు, సాయంత్రం బడి విడిచాక. 120 సార్లు, తలా 6 రూపాయలు. అమ్మకం 720, నూటికి 20 చొప్పున మిగులు 144. అంతా రొక్కం.

3. మరిచిపోయినవి కొనేవాళ్ళు. నెల సరుకు బయట కొనుక్కుని, కొత్తిమీరో, పెరుగో, అగ్గిపెట్టో అయిపోతే వస్తారు. 30 సార్లు, 40 రూపాయల చొప్పున. అమ్మకం 1,200, నూటికి 12 చొప్పున ఇదీ 144. ఇదీ రొక్కమే.

4. నెల చీటీ ఇచ్చేవాళ్ళు. ఆరు ఇళ్ళు, నెలకు 2,500 చొప్పున 15,000. రోజుకు లెక్కిస్తే 500. సూపర్‌మార్కెట్ ధరకే ఇమ్మంటారు కాబట్టి నూటికి 5 మిగిలితే 25. డబ్బు వచ్చేది నెల తర్వాత.

మొత్తం అమ్మకం రోజుకు 6,020. మిగులు 673. కరెంటు, అద్దె, పాడైన సరుకు ఇందులోంచే పోవాలి.

ఇప్పుడు నాలుగో గుంపును మళ్ళీ చూడండి. చీటీ పొడుగ్గా ఉంటుంది, బిల్లు పెద్దదిగా ఉంటుంది. అందుకని వాళ్ళే పెద్ద కస్టమర్లు అనిపిస్తుంది. వాళ్ళ కోసం ఐదు కిలోల సంచులు, పెద్ద సర్ఫ్ ప్యాకెట్లు తెచ్చి అల్మారా నింపుతాం. తీరా చూస్తే వాళ్ళ వల్ల మిగిలేది రోజుకు 25 రూపాయలు. ఆరు రూపాయలు పట్టుకుని వచ్చే పిల్లల వల్ల మిగిలేది దానికి ఐదింతలకు పైనే.

కొడుకు చెప్పిన దారి లెక్కకు నిలుస్తుందా?

అన్నిటి మీదా ఐదు శాతం తగ్గిస్తే రోజుకు 301 రూపాయలు పోతాయి. 673లో మిగిలేది 372. మళ్ళీ పాత 673 రావాలంటే ఇప్పుడు అమ్మే సరుకుకు దాదాపు ఒకటిం ముప్పాతిక రెట్లకన్నా ఎక్కువ అమ్మాలి. ఖచ్చితంగా చెప్పాలంటే నూటికి 81 ఎక్కువ. ఆ వీధిలో అన్ని కొత్త ఇళ్ళు ఎక్కడినుంచి వస్తాయి? పైగా పావు కిలో పప్పు కొనే ఇంటికి ఐదు శాతం అంటే ఒకటి రెండు రూపాయలు. ఆ ఇంటివాళ్ళు ధర చూసి కాదు, పొద్దున ఏడింటికే తలుపు తీసి ఉందని వస్తున్నారు. తగ్గింపు వల్ల వాళ్ళు రెండింతలు పప్పు వండుకోరు.

అంటే తగ్గింపుకు కదిలే గుంపు ఒకటే, నెల చీటీ ఇచ్చేవాళ్ళు. ఆ ఒక్క గుంపు కోసం తక్కిన మూడు గుంపుల మిగులూ వదులుకోవాల్సి వస్తుంది. గుంపులుగా విడదీయకుండా ధర నిర్ణయిస్తే వచ్చే నష్టం ఇదే.

ఒక గుంపును ఎంచుకోవడం

టార్గెటింగ్ అంటే ఎవరి కోసం నడుపుతున్నామో తేల్చుకోవడం. తక్కినవాళ్ళు వస్తే సరుకు ఇయ్యకూడదని కాదు. సరుకు తెచ్చేటప్పుడు, వేళలు పెట్టేటప్పుడు ఎవరిని మనసులో పెట్టుకుంటాం అన్నదే ప్రశ్న.

ఇక్కడ అక్క రోజువారీ ఇళ్ళను ఎంచుకుందనుకోండి. అప్పుడు ఏం మారుతుంది? ఏడింటికి తెరిచే అంగడి ఐదున్నరకే తెరుచుకుంటుంది, ఎందుకంటే పనికి పోయేవాళ్ళు అప్పుడే వంట చేస్తారు. పప్పు, చింతపండు, మిరపకాయలు పావు కిలో, నూరు గ్రాముల పొట్లాలుగా ముందు రోజు రాత్రే కట్టి ఉంటాయి. పెద్ద సంచులు పోతాయి. రేషన్‌లో బియ్యం 2011 నుంచి ఉచితంగా వస్తుంది కాబట్టి, మామూలు బియ్యం బదులు ఇడ్లీ బియ్యం, పచ్చి బియ్యం ఉంటాయి. రేషన్ అంగడి ఇచ్చేదాన్నే మనం అమ్మబోతే ఓడిపోతాం, అది ఇయ్యనిదాన్ని అమ్మితే నిలుస్తాం.

ఐదున్నరకు తెరవడం వల్ల పక్క వీధికి పోయే పది ఇళ్ళు ఇటు వస్తే మిగులు 90 పెరుగుతుంది. నెల చీటీలు పోతే 25 తగ్గుతుంది. 673 కాస్తా 738 అవుతుంది. పెద్ద లాభమేమీ కాదు, పైగా గంటన్నర ఎక్కువ పని. కానీ నెల నెలా అప్పులో ఇరుక్కునే 15,000 చేతికి వస్తుంది. ఆ డబ్బుతో విరుదునగర్ మండీలో పప్పు, మిరపకాయలు రొక్కానికి కొంటే అప్పు ధరకన్నా తక్కువకు దొరుకుతాయి.

ఈ గుంపుతో ఒక చిక్కు ఉంది, దాన్ని దాచకూడదు. వీళ్ళలో సగం అప్పు. రోజుకు 90 రూపాయల చొప్పున ఒక ఇల్లు వారానికి 630 బాకీ పడుతుంది. ఆ ఒక్క బాకీ రాకుండా పోతే, నూటికి పది మిగులు మీద దాన్ని పూడ్చడానికి 6,300 రూపాయల సరుకు అమ్మాలి. అది అంగడి మొత్తం ఒకరోజు అమ్మకం కన్నా ఎక్కువ. అందువల్ల ఇంటికి 700 మించకుండా హద్దు పెట్టుకోవాలి. వాళ్ళ ముందే రెండు నోట్లలో రాయాలి, ఒకటి మన దగ్గర, ఒకటి వాళ్ళ దగ్గర. శనివారం కూలి రాగానే తీర్చుకోవాలి. "వచ్చే వారం ఇస్తాలే అక్కా" అన్న మాట రెండోసారి వినిపిస్తే కొత్త సరుకు రొక్కానికే. ఈ కట్టుబాటు లేకపోతే ఎంపిక సరైనదే అయినా అంగడి మునుగుతుంది.

పొజిషనింగ్: బోర్డు మీద కాదు, మనసులో

విభజన గురించి మార్కెటింగ్‌లో పేరుపొందిన వ్యాసం వెండెల్ స్మిత్ 1956లో రాశాడు. పొజిషనింగ్ అనే మాటను అందరికీ తెలిసేటట్టు చేసింది ఆల్ రీస్, జాక్ ట్రౌట్ అనే ఇద్దరు. వాళ్ళ పుస్తకం 1981లో వచ్చింది. వాళ్ళు చెప్పిన సారాంశం ఒకటే: పొజిషన్ అనేది వస్తువులో ఉండదు, కొనేవాడి మనసులో ఉంటుంది.

దాన్ని గీసి చూడొచ్చు. నోటులో అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత గీయండి. అడ్డగీత ధర: ఎడమ తక్కువ, కుడి ఎక్కువ. నిలువు గీత వీలు: కింద పెద్ద కొలత, నిర్ణయించిన వేళ, పైన చిన్న కొలత, ఎప్పుడంటే అప్పుడు. ఇప్పుడు ఒక్కొక్కరినీ పెట్టండి. రేషన్ అంగడి ఎడమ చివర కింద. విరుదునగర్ మండీ కూడా ఎడమ కింద, బస్సు ఛార్జీ అదనం. సూపర్‌మార్కెట్ మధ్యలో, కొంచెం ఎడమగా. మన అంగడి కొంచెం కుడిగా, బాగా పైన. పైభాగంలో మన పక్కన ఎవరూ లేరు కదా, అదే మన చోటు. ధర తగ్గిస్తే మనం ఎడమకు జరుగుతాం. అక్కడ మనకన్నా పెద్దవాళ్ళు ముగ్గురు ముందే ఉన్నారు.

ఒక జాగ్రత్త. పటంలో ఖాళీగా కనిపించిన ప్రతి చోటూ మంచిది కాదు. అదే వీధిలో విదేశీ చాక్లెట్లు అమ్మే చోటు కూడా ఖాళీగానే ఉంటుంది, అడిగేవాళ్ళు లేక. ఆ ఖాళీలో మనుషులు ఉన్నారా లేదా అన్నది వారం నోటు చూసి తేల్చుకోవాలి.

తర్వాత పొజిషన్‌ను ఒక వాక్యంగా రాయాలి. అందులో నాలుగు జవాబులుండాలి: ఎవరికి, ఏం ఇస్తాం, ఎవరికన్నా మేలు, ఎందుకు నమ్మాలి. అక్క వాక్యం ఇట్లా ఉంటుంది: "పొద్దున పనికి పోయే ఇళ్ళకు, ఆ రోజుకు చాలినంత సరుకు, సూపర్‌మార్కెట్ తలుపు తీయకముందే ఇచ్చే అంగడి మాది, రోజూ ఐదున్నరకే తెరుస్తాం, పావు కిలో అడిగినా కిలో సంచిలోని పప్పే తూచి ఇస్తాం." చివరి ముక్కే ప్రాణం. చిన్న పొట్లంలో పాత పప్పు కలిపితే, రెండుసార్లు తలుపు తీయకపోతే, వాక్యం కాగితం మీదే మిగిలిపోతుంది. వీలు ఇస్తున్నాం కదా అని ప్యాకెట్ మీద అచ్చు వేసిన ఎం.ఆర్.పి. కన్నా ఒక్క రూపాయి ఎక్కువ తీసుకున్నా తప్పే. చట్టం ఒప్పుకోదు.

ఒకే మిఠాయి, రెండు గుంపులు

మన ఊరి పేరుతోనే ఒక ఉదాహరణ ఉంది. కోవిల్‌పట్టి కడలై మిట్టాయ్‌కు 2020 ఏప్రిల్‌లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సెనక్కాయలు, బెల్లం కలిపి చేసే మిఠాయి దేశమంతా ఉంది. కానీ కోవిల్‌పట్టి అన్న పేరు పెట్టి అమ్మే హక్కు ఆ గుర్తింపుతో ఈ ప్రాంతం వాళ్ళకే దక్కింది. అంటే కొనేవాడి మనసులో ఆ పేరుకు ఉన్న చోటుకు చట్టం కాపు కాస్తుంది. విరుదునగర్ నుంచి వచ్చే ఇదయం నువ్వుల నూనె మాట కూడా గమనించండి. ఇదయం అంటే తమిళంలో గుండె. ఆ పేరు వినగానే నూనె కన్నా ముందు ఆరోగ్యం గుర్తొస్తుంది.

ఇప్పుడు అక్క అంగడికి రండి. బడి పిల్లవాడు అదే మిట్టాయ్‌ను ఒక్క ముక్కగా కొంటాడు, వాడికి అది ఇంటర్వెల్ ఆకలికి తీపి. చెన్నైకి పోయే కూతురి చేతికి ఇయ్యడానికి ఒక తల్లి ప్యాకెట్ కొంటుంది, ఆమెకు అది ఊరి గుర్తు. సీసాలో విడి ముక్కలు పిల్లలకు, ఊరి పేరు స్పష్టంగా కనిపించే ప్యాకెట్లు ప్రయాణం పోయేవాళ్ళకు. సీసాను పిల్లల ఎత్తులో, ప్యాకెట్లను పెద్దవాళ్ళ కంటి ఎత్తులో పెట్టాలి. ప్రయాణం వాళ్ళు ధర గురించి పెద్దగా బేరమాడరు, పిల్లవాడి జేబులో ఒక్క రూపాయి తేడా వచ్చినా కొనలేడు. వస్తువు ఒకటే అయినా పొజిషన్లు రెండు.

పని చేస్తోందో లేదో ఎట్లా తెలుస్తుంది?

మూడు నెలల తర్వాత మళ్ళీ ఏడు రోజులు నోటు రాయండి. పొద్దున ఏడు లోపల ఎన్నిసార్లు వచ్చారు, శనివారం రాత్రికి బాకీ ఎంత మిగిలింది, ఈ రెండూ పాత నోటుతో పోల్చండి. మొదటిది పెరిగి రెండోది పెరగకపోతే ఎంపిక సరైనదే. రెండూ కలిసి పెరిగితే ఆగండి. అమ్మకం పెరిగినట్టు కనిపిస్తుంది కానీ అది మన డబ్బుతో మనమే కొన్నట్టు.

పొజిషన్‌కు పరీక్ష ఇంకా సులువు. వీధిలో ఒక తల్లి బిడ్డను సరుకుకు పంపేటప్పుడు ఏమంటుందో వినండి. "ఆ మలుపు అంగడికి పో" అంటే అది చోటు మాత్రమే. "పొద్దునే తెరిచే అక్క అంగడికి పో" అంటే ఆ మనసులో మనకు పేరు పడింది.

పరీక్షకు చదివే పిల్లలు ఇట్లా గుర్తుపెట్టుకోండి: ఎవరెవరు వస్తారో విడదీయడం సెగ్మెంటేషన్, ఎవరి కోసం తెరుస్తామో తేల్చడం టార్గెటింగ్, వాళ్ళు మనల్ని ఏమని పిలుస్తారో అది పొజిషనింగ్. ఇంట్లో అంగడి ఉంటే ఈ సెలవుల్లో ఏడు రోజుల నోటు మీరే రాయండి. లేకపోతే మీ వీధి అంగడి అక్కనో అన్ననో అడిగి, వాళ్ళు ఒప్పుకుంటే, పేర్లు రాయకుండా రాయండి.